విదేశీ సరుకుపై కస్టమ్స్ సుంకం లెక్క: ఇన్‌వాయిస్ ధర నుంచి ఐజీఎస్టీ దాకా మెట్టు మెట్టుగా

"సుంకం ఏడున్నర శాతం, జీఎస్టీ పద్దెనిమిది. కలిపితే ఇరవై ఐదున్నర కదా? మరి కస్టమ్స్ బ్రోకర్ పంపిన లెక్కలో దాదాపు ఇరవై ఎనిమిది శాతం ఎందుకు పడింది?" చిన్న యంత్రాలు, విడిభాగాలు తెప్పించుకునేవాళ్లు ఈ ప్రశ్న పదే పదే అడుగుతున్నారు. బ్రోకర్ మోసం చేశాడనే అనుమానం కూడా అందులో వినిపిస్తుంది. చాలాసార్లు అతని లెక్క సరైనదే. ఈ శాతాలన్నీ ఒకే మొత్తం మీద పడవు. ఒకదాని మీద ఇంకొకటి పేరుకుంటూ పోతాయి.

ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం. చైనా నుంచి ఒక ప్యాకింగ్ యంత్రం వస్తోంది. ధర 10,000 డాలర్లు. చెన్నై రేవు దాకా ఓడ కిరాయి 750 డాలర్లు, బీమా 50 డాలర్లు. బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 7.5 శాతం, దిగుమతిపై పడే జీఎస్టీ అయిన ఐజీఎస్టీ 18 శాతం, కస్టమ్స్ మారకపు రేటు డాలరుకు 90 రూపాయలు అనుకుందాం. ఇవి లెక్క నేర్చుకోవడానికి పెట్టుకున్న అంకెలు. మీ సరుకు వచ్చేటప్పుడు మాత్రం ఆ రోజు అమల్లో ఉన్న రేట్లే వేసుకోవాలి.

## 1. కూర్చునే ముందు ఇవన్నీ చేతిలో పెట్టుకోండి

- కమర్షియల్ ఇన్‌వాయిస్. ధర ఏ షరతు మీద చెప్పారో, అంటే ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్, ఎక్స్‌వర్క్స్‌లలో ఏదో, అందులో రాసి ఉండాలి.
- ప్యాకింగ్ లిస్ట్.
- బిల్ ఆఫ్ లేడింగ్, విమానంలో వస్తే ఎయిర్‌వే బిల్.
- కిరాయి ఎంతో చూపించే బిల్లు లేదా ఫ్రైట్ సర్టిఫికెట్.
- బీమా పాలసీ లేదా ప్రీమియం రసీదు.
- సరుకు ఏ రకానిదో చెప్పే ఎనిమిది అంకెల హెచ్ఎస్ కోడ్.
- ఆ కోడ్‌కు బేసిక్ డ్యూటీ, ఐజీఎస్టీ రేట్లు. మినహాయింపు నోటిఫికేషన్ ఉంటే దాని నంబరు, వరుస సంఖ్య.
- బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు దాఖలు చేసే దిగుమతి పత్రం, వేసే రోజు కస్టమ్స్ మారకపు రేటు.

ఈ జాబితాలో ఎక్కువ మంది దగ్గర దొరకనిది ఫ్రైట్ సర్టిఫికెట్. అది లేకపోతే ఎంత నష్టమో మూడో మెట్టులో రూపాయల్లోనే చూద్దాం.

హెచ్ఎస్ కోడ్ గురించి ఒక్క మాట. అమ్మినవాడు ఇన్‌వాయిస్‌లో వేసిన కోడ్‌ను అలాగే ఎత్తి రాయకండి. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే అయినా, తర్వాతి రెండు మన టారిఫ్ ప్రకారం ఉంటాయి. ఆరు అంకెల దగ్గరే అవతలివాడు తప్పు చేసి ఉండవచ్చు కూడా. కోడ్ తప్పితే కింద చేసే లెక్కంతా పక్కాగా తప్పుతుంది.

## 2. ధర ఏ షరతు మీద ఉందో తేల్చుకోండి

మన కస్టమ్స్ సుంకం ఫ్యాక్టరీ ధర మీద పడదు. సరుకు మన రేవుకో విమానాశ్రయానికో చేరేసరికి ఎంతైందో ఆ విలువ మీద పడుతుంది. కస్టమ్స్ చట్టం 1962లోని 14వ సెక్షన్, 2007 నాటి వాల్యుయేషన్ రూల్స్ చెప్పేది ఇదే. ఆ విలువకే అసెసబుల్ వాల్యూ అని పేరు.

ఇన్‌వాయిస్ ఎక్స్‌వర్క్స్ అయితే అక్కడి ఫ్యాక్టరీ నుంచి అక్కడి రేవుకు లారీ కిరాయి, ఎక్కింపు ఖర్చులు ముందు కలపాలి. అప్పుడు ఎఫ్‌ఓబీ వస్తుంది. ఎఫ్‌ఓబీకి ఓడ లేదా విమాన కిరాయి, బీమా కలిపితే సీఐఎఫ్. ఇన్‌వాయిస్సే సీఐఎఫ్ చెన్నై అని ఉంటే ఇక ఏమీ కలపక్కర్లేదు. ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, సీఐఎఫ్ ధర చేతిలో ఉన్నా బిల్ ఆఫ్ లేడింగ్‌లో కనిపించిన కిరాయిని మళ్లీ కలిపేయడం.

అడ్వాన్సు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. 30 శాతం ముందే పంపి, మిగతా 70 శాతానికే ఇన్‌వాయిస్ వేయించుకునేవాళ్లు ఉన్నారు. సుంకం సరుకు మొత్తం ధర మీద. ముందు ఎంత పంపారు, తర్వాత ఎంత పంపుతారు అన్నది లెక్కలోకి రాదు. ఇన్‌వాయిస్‌లో పూర్తి ధర చూపించి, కింద అడ్వాన్సు మినహాయించినట్టు రాయించుకోండి.

కొన్ని ఖర్చులు ఇన్‌వాయిస్‌లో కనపడకపోయినా విలువలో చేరతాయి. సరుకు తయారీకి మీరు ఉచితంగా పంపిన అచ్చులు, అమ్మకానికి షరతుగా కట్టే రాయల్టీ అలాంటివి. మీ తరఫున సరుకు వెతికిపెట్టిన ఏజెంటుకు మీరిచ్చే కొనుగోలు కమీషన్ మాత్రం చేరదు.

## 3. కిరాయి, బీమా కలిపి అసెసబుల్ వాల్యూ కట్టండి

మన ఉదాహరణలో ఇన్‌వాయిస్ ఎఫ్‌ఓబీ. కాబట్టి:

- ఎఫ్‌ఓబీ: 10,000 డాలర్లు
- ఓడ కిరాయి: 750 డాలర్లు
- బీమా: 50 డాలర్లు
- మొత్తం సీఐఎఫ్: 10,800 డాలర్లు

కూడిక సులువే. చిక్కంతా కాగితాలు లేనప్పుడు వస్తుంది. కిరాయి ఎంతో తేలకపోతే రూల్స్ ప్రకారం ఎఫ్‌ఓబీలో 20 శాతం కిరాయిగా పట్టుకుంటారు. బీమా తేలకపోతే ఎఫ్‌ఓబీలో 1.125 శాతం.

మన యంత్రానికి రెండు కాగితాలూ లేవనుకోండి. కిరాయి 2,000 డాలర్లు, బీమా 112.50 డాలర్లు అవుతాయి. సీఐఎఫ్ 10,800 నుంచి 12,112.50కి ఎగబాకుతుంది. పన్నులన్నీ వేసేసరికి మీరు కట్టే మొత్తం 2,69,584 రూపాయల నుంచి 3,02,346 రూపాయలకు పెరుగుతుంది. రెండు కాగితాలు తెప్పించుకోని పాపానికి దాదాపు 32,760 రూపాయలు ఎక్కువ. అందులో ఫ్రైట్ సర్టిఫికెట్ ఓడ బయల్దేరగానే ఫార్వర్డర్‌కు ఒక మెయిల్ పెడితే వచ్చేదే. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక సరుకుకు ఇలాగే 20 శాతం వేసి పంపేశాను. ఫ్రైట్ సర్టిఫికెట్ మూడో రోజు వచ్చింది. అప్పటికే సుంకం కట్టేశాం.

విమానంలో వస్తే నియమం ఇంకోలా ఉంటుంది, అది మీకు అనుకూలమే. నిజంగా ఎంత కిరాయి కట్టినా, ఎఫ్‌ఓబీలో 20 శాతానికి మించి కలపరు. 1,000 డాలర్ల విడిభాగానికి 600 డాలర్ల విమాన కిరాయి అయిందనుకోండి, విలువలో చేరేది 200 మాత్రమే. నిజం కిరాయి 90 అయితే 90 చేరుతుంది. 20 శాతం అన్నది పైకప్పు, ఖాయమైన రేటు కాదు. ఓడ కిరాయికి ఈ పైకప్పు వర్తించదు.

హైదరాబాద్ వాళ్లకు పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. సరుకు సముద్రపు రేవులో దిగి, అక్కడ క్లియర్ కాకుండా సనత్‌నగర్ ఐసీడీ లాంటి లోపలి డిపోకు తరలివస్తే, రేవు నుంచి డిపో దాకా అయ్యే రవాణా, బీమా, ఎత్తుడు దించుడు ఖర్చులు అసెసబుల్ వాల్యూలో చేరవు. కానీ షిప్పింగ్ లైన్ చాలాసార్లు హైదరాబాద్ దాకా ఒకే కిరాయి రాసేస్తుంది. అలా 1,050 డాలర్లు అని ఉండి, అందులో 300 డాలర్లు రేవు నుంచి డిపోకు అయిన ఖర్చయితే, దాన్ని విడగొట్టి సర్టిఫికెట్ ఇమ్మని అడగండి. మన రేట్లలో ఆ 300 డాలర్ల మీద పడే పన్ను 7,488 రూపాయలు.

ఇక ల్యాండింగ్ చార్జీలు. ఒకప్పుడు సీఐఎఫ్ మీద ఒక శాతం ల్యాండింగ్ చార్జీ కలిపేవాళ్లు. 2017 సెప్టెంబర్ 26 నాటి సవరణతో అది పోయింది. పాత ఎక్సెల్ షీట్లలో ఆ ఒక శాతం గడి ఇంకా బతికే ఉంటుంది. ఎవరిదో షీట్ తెచ్చుకుని వాడుతుంటే ముందు అది వెతికి తీసేయండి.

## 4. రూపాయల్లోకి మార్చండి

ఇక్కడ వాడాల్సింది బ్యాంకు రేటు కాదు, గూగుల్‌లో కనిపించేది అసలే కాదు. కస్టమ్స్ తనకంటూ విడిగా ప్రకటించే రేటు ఉంటుంది. ఐస్‌గేట్ పోర్టల్‌లో నెలకు రెండుసార్లు మారుతుంది. దిగుమతికి ఒక రేటు, ఎగుమతికి ఒక రేటు పక్కపక్కనే ఉంటాయి. మనకు కావాల్సింది దిగుమతి రేటు.

10,800 × 90 = 9,72,000 రూపాయలు. ఇదే మన అసెసబుల్ వాల్యూ.

మీరు అమ్మినవాడికి డబ్బు పంపినప్పుడు బ్యాంకు 91 చొప్పున పట్టుకుందా, 88 చొప్పున పట్టుకుందా అన్నదానితో సుంకానికి సంబంధం లేదు.

తేదీల దగ్గర కొంచెం జాగ్రత్త. మారకపు రేటు బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిన రోజుది. సుంకం రేటు విషయంలో మాత్రం, ఓడ రాకముందే బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తే, ఓడకు ఎంట్రీ ఇన్‌వర్డ్, అంటే సరుకు దించేందుకు కస్టమ్స్ అనుమతి, ఇచ్చిన రోజున ఉన్న రేటు వర్తిస్తుంది. అందుకే బడ్జెట్ ముందు రోజు వేసి ఊపిరి పీల్చుకున్నవాళ్లకు, ఓడ బడ్జెట్ తర్వాత వచ్చి కొత్త సుంకం పడితే అర్థం కాదు. డాలరు రేటు పాతదే ఉంటుంది, సుంకం రేటు కొత్తది అవుతుంది.

జపాన్ యెన్, కొరియా వాన్‌లలో ఇన్‌వాయిస్ ఉంటే పట్టిక పైన ఏ యూనిట్ అని రాసి ఉందో చూడండి. వాటి రేటు వంద యూనిట్లకు ఇస్తారు. వందతో భాగించడం మరిచిపోతే యంత్రం విలువ వంద రెట్లు అవుతుంది. అంత పెద్ద తప్పు కనీసం కంటికి కనిపిస్తుంది, అదొక్కటే ఊరట.

## 5. బేసిక్ కస్టమ్స్ డ్యూటీ

మొదటి పొర ఇది. అసెసబుల్ వాల్యూ మీద నేరుగా పడుతుంది.

9,72,000 × 7.5 శాతం = 72,900 రూపాయలు.

టారిఫ్ పుస్తకంలో ఉన్న రేటు ఒకటి, నోటిఫికేషన్ ద్వారా తగ్గించిన రేటు ఇంకొకటి ఉండవచ్చు. తగ్గింపు రేటు కావాలంటే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఆ నోటిఫికేషన్ నంబరు, వరుస సంఖ్య మీరే అడిగి వేయాలి. అడగకపోతే సిస్టమ్ పూర్తి రేటే పట్టుకుంటుంది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద తగ్గింపు తీసుకుంటే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్‌తో పాటు సరుకు నిజంగా ఆ దేశంలో తయారైందనే వివరాలు మీ దగ్గర ఉండాలి.

## 6. సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. సర్‌చార్జ్ 10 శాతం. దేని మీద 10 శాతం? సరుకు విలువ మీద కాదు, సుంకం మీద.

72,900 × 10 శాతం = 7,290 రూపాయలు.

పొరపాటున విలువ మీద వేస్తే 97,200 వస్తుంది. అంటే సర్‌చార్జ్ అసలు సుంకాన్నే దాటిపోతుంది. లెక్క చూడగానే సర్‌చార్జ్ బేసిక్ డ్యూటీలో పదో వంతుగా ఉందా లేదా అని ఒకసారి కంటితో సరిచూసుకోండి.

బేసిక్ డ్యూటీ మినహాయింపు వల్ల సున్నా అయితే సర్‌చార్జ్ కూడా సున్నాయే. సున్నాలో పదో వంతు సున్నా కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అయినా దీని మీద కొన్నాళ్లు వాదన నడిచింది. 2022 ఫిబ్రవరిలో సర్క్యులర్ ఇచ్చి కస్టమ్స్ బోర్డు దాన్ని తేల్చింది. కొన్ని సరుకులకు సర్‌చార్జ్ పూర్తిగా మినహాయించారు కూడా. మీ కోడ్ ఆ జాబితాలో ఉందేమో చూసి, ఆ తర్వాతే 10 వేయండి.

## 7. ఐజీఎస్టీ

ఇక పైపొర. కస్టమ్స్ టారిఫ్ చట్టం 1975లోని 3వ సెక్షన్ ప్రకారం దిగుమతి సరుకుపై ఐజీఎస్టీ వేస్తారు. దానికి పునాది సరుకు విలువ ఒక్కటే కాదు. అసెసబుల్ వాల్యూ, దాని మీద పడిన బేసిక్ డ్యూటీ, సర్‌చార్జ్ మూడూ కలిసిన మొత్తం.

- అసెసబుల్ వాల్యూ: 9,72,000
- బేసిక్ డ్యూటీ: 72,900
- సర్‌చార్జ్: 7,290
- ఐజీఎస్టీ పునాది: 10,52,190
- ఐజీఎస్టీ 18 శాతం: 1,89,394.20

కట్టాల్సిన మొత్తం: 72,900 + 7,290 + 1,89,394.20 = 2,69,584.20. దగ్గరి రూపాయికి సర్దితే 2,69,584. పైసలను మెట్టు మెట్టుకూ సర్దకండి, చివర్లోనే సర్దండి.

అసెసబుల్ వాల్యూలో ఇది 27.735 శాతం. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఏడున్నర, పావు తక్కువ ఒకటి, పద్దెనిమిది కలిపితే 26.25 శాతమే అవుతుంది. అలా లెక్కేసినవాళ్లు 2,55,150 సిద్ధం చేసుకుంటారు. తేడా 14,434 రూపాయలు. ఆ తేడా ఎక్కడి నుంచో రాలేదు. 80,190 రూపాయల సుంకం, సర్‌చార్జ్ మీద పడిన 18 శాతం అది. పన్ను మీద పన్ను అన్నమాట. న్యాయమా అంటే అది వేరే చర్చ, చట్టం మాత్రం అలాగే ఉంది.

సర్‌చార్జ్ 10 శాతం, ఐజీఎస్టీ 18 శాతం ఉన్నప్పుడు మొత్తం భారం త్వరగా చూసుకోవడానికి ఈ నాలుగు అంకెలు గోడకు అంటించుకోవచ్చు:

- బేసిక్ డ్యూటీ 5 అయితే 24.49 శాతం
- 7.5 అయితే 27.735 శాతం
- 10 అయితే 30.98 శాతం
- 20 అయితే 43.96 శాతం

## 8. యాంటీ డంపింగ్ డ్యూటీ ఉంటే ఏ మెట్టులో చేరుతుంది

కొన్ని దేశాల నుంచి మరీ చౌకగా వచ్చిపడే కొన్ని సరుకులపై యాంటీ డంపింగ్ డ్యూటీ ఉంటుంది. ఇది చాలాసార్లు శాతంగా కాకుండా టన్నుకో కిలోకో ఇన్ని డాలర్లని ఉంటుంది. ఎంత వస్తుందో విడిగా లెక్కకట్టి తెచ్చుకోవాలి.

తెచ్చాక ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. ఐజీఎస్టీ పునాదిలో చేరుతుంది, సర్‌చార్జ్ పునాదిలో చేరదు. మన ఉదాహరణకు 40,000 రూపాయల యాంటీ డంపింగ్ డ్యూటీ పడిందనుకోండి. సర్‌చార్జ్ 7,290 దగ్గరే ఆగుతుంది. ఐజీఎస్టీ పునాది 10,92,190 అవుతుంది, ఐజీఎస్టీ 1,96,594.20. అంటే ఆ 40,000 మీకు నిజానికి 47,200 అయింది. దీన్ని సర్‌చార్జ్ కంటే ముందు వరుసలో రాసేసి, దాని మీద కూడా 10 శాతం వేయడం నేను చాలా షీట్లలో చూశాను.

వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు ఉన్న సరుకులు వేరే రకం. ఆ సెస్సు కూడా అసెసబుల్ వాల్యూ మీదే పడి, ఐజీఎస్టీ పునాదిలో చేరుతుంది. సర్‌చార్జ్ దాని మీద కూడా పడుతుందా, లేక మినహాయించారా అన్నది సరుకును బట్టి మారుతుంది. మీ కోడ్‌కు విడిగా చూసుకోవాల్సిందే.

## 9. ఒకసారి షీట్ కట్టుకోండి

కాలిక్యులేటర్‌తో ప్రతిసారీ చేస్తే ఎక్కడో ఒకచోట వేలు జారుతుంది. కింది గడులు చాలు. మొదటి ఏడు మీరు నింపాలి, మిగతావి వాటంతట అవే వస్తాయి.

```
B1   FOB            10000
B2   Freight        750
B3   Insurance      50
B4   Exchange rate  90
B5   BCD rate       7.5%
B6   SWS rate       10%
B7   IGST rate      18%
B8   =(B1+B2+B3)*B4
B9   =B8*B5
B10  =B9*B6
B11  =B8+B9+B10
B12  =B11*B7
B13  =ROUND(B9+B10+B12,0)
```

`B8` అసెసబుల్ వాల్యూ, `B11` ఐజీఎస్టీ పునాది, `B13` కట్టాల్సిన మొత్తం. మన అంకెలతో `B13`లో 269584 రావాలి. రాకపోతే ముందు `B5` నుంచి `B7` వరకు శాతం గుర్తుతో టైప్ చేశారా అని చూడండి.

ఒకే ఇన్‌వాయిస్‌లో రెండు మూడు రకాల సరుకులుంటే ఒక్కో దానికి ఒక్కో నిలువు వరుస పెట్టండి. కిరాయి, బీమాలను విలువల నిష్పత్తిలో పంచాలి. మన 10,000లో యంత్రం 8,000, విడిభాగాలు 2,000 అయితే, కిరాయి బీమా కలిపిన 800లో యంత్రానికి 640, విడిభాగాలకు 160. అప్పుడు అసెసబుల్ వాల్యూలు 7,77,600, 1,94,400 అవుతాయి. వాటికి బేసిక్ డ్యూటీ వేరువేరుగా ఉంటే ఎవరి రేటు వాళ్లకు వేయాలి. సగటు రేటు తీసి మొత్తానికి వేయకూడదు.

## 10. ఇందులో తిరిగి వచ్చేదెంత, పోయేదెంత

ధర నిర్ణయించుకునేవాళ్లకు ఈ మెట్టు తప్పనిసరి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ఆ సరుకును పన్ను పడే వ్యాపారానికి వాడితే, ఐజీఎస్టీ 1,89,394 రూపాయలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. బేసిక్ డ్యూటీ, సర్‌చార్జ్ కలిసిన 80,190కి ఏ క్రెడిట్టూ లేదు. అది ఖర్చే.

కాబట్టి క్రెడిట్ దొరికేవాళ్లకు యంత్రం పడే ధర, రేవు ఖర్చులు కాక, 10,52,190. గమనించారా, ఐజీఎస్టీ పునాదిగా వచ్చిన అంకె ఇదే. క్రెడిట్ లేనివాళ్లకు 12,41,584.

క్రెడిట్ రావాలంటే బిల్ ఆఫ్ ఎంట్రీలో మీ జీఎస్టీ నంబరు సరిగ్గా ఉండాలి. లేకపోతే అది మీ జీఎస్టీఆర్ 2బీలో కనపడదు. వేరే రాష్ట్రంలో ఉన్న మీ ఇంకో శాఖ నంబరు పడినా చిక్కే. యంత్రంపై తరుగుదల లెక్కలో ఐజీఎస్టీని కూడా కలిపేసుకుంటే ఆ భాగానికి క్రెడిట్ రాదు. రెండింటిలో ఒకటే.

## 11. తప్పు జరిగితే ఏం చేయాలి

సుంకం కట్టకముందే తెలిసింది. బ్రోకర్ ద్వారా బిల్ ఆఫ్ ఎంట్రీ సవరణ అడగండి. కిరాయి తప్పు పడితే ఫ్రైట్ సర్టిఫికెట్, కోడ్ తప్పితే కేటలాగు జత చేయండి. ఇది అన్నిటికంటే తక్కువ టెన్షన్ ఉన్న దశ.

తక్కువ కట్టారని తర్వాత తెలిసింది. నోటీసు వచ్చేదాకా ఆగకండి. తేడా, దానికి వడ్డీ కట్టేసి తెలియజేయండి. ఆలస్యంగా కట్టిన సుంకంపై వడ్డీ ఏడాదికి 15 శాతం. ఐజీఎస్టీ తేడా కూడా కట్టాలని మరవకండి. విలువ పెరిగితే మూడు పొరలూ పెరుగుతాయి.

ఎక్కువ కట్టారని తెలిసింది. నేరుగా రీఫండ్ అడిగితే కుదరదు. ముందు 149వ సెక్షన్ కింద సవరణ ద్వారానో అప్పీలు ద్వారానో బిల్ ఆఫ్ ఎంట్రీలోని అసెస్‌మెంట్‌ను మార్పించుకోవాలి. 2019లో ఐటీసీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది ఇదే. రీఫండ్ దరఖాస్తుకు మామూలుగా ఒక ఏడాది గడువు. నా ఫ్రైట్ సర్టిఫికెట్ కథ కూడా ఈ దారిలోనే నడిచింది. ఐజీఎస్టీ భాగం క్రెడిట్‌గా ఎలాగూ వచ్చింది. మిగతా కొన్ని వేల కోసం తిరగాలా వద్దా అని యజమాని రెండు నెలలు ఆలోచించి, చివరికి వదిలేశాడు.

అధికారి మీ విలువను నమ్మలేదు. ఆర్డరు, బ్యాంకు ద్వారా డబ్బు పంపిన ఆధారం, అమ్మినవాడి ధరల పట్టిక, మెయిళ్లు చూపించండి. అయినా విలువ పెంచితే, కారణాలతో కూడిన ఉత్తర్వు రాతపూర్వకంగా అడగండి. సరుకు త్వరగా బయటికి రావాలని పెంచిన విలువకు రాసి ఒప్పుకుంటే తర్వాత అప్పీలు కష్టం.

## 12. సబ్మిట్ నొక్కే ముందు

బ్రోకర్ పంపిన చెక్‌లిస్ట్ కాపీ, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ ముసాయిదా తెరిచి, ఈ వరుసలోనే చూడండి:

- ఇన్‌వాయిస్ షరతు, చెక్‌లిస్ట్‌లో ఉన్న షరతు ఒకటేనా?
- కిరాయి గడిలో నిజం అంకె ఉందా, లేక 20 శాతం అని పడిందా?
- బీమా గడిలో 1.125 శాతం అని పడిందా? పాలసీ ఉంటే మార్పించండి.
- మారకపు రేటు దాఖలు చేసే రోజుదేనా?
- సర్‌చార్జ్ బేసిక్ డ్యూటీలో పదో వంతేనా?
- ఐజీఎస్టీ పునాది అసెసబుల్ వాల్యూ కంటే ఎక్కువగా ఉందా? రెండూ సమానంగా ఉంటే బేసిక్ డ్యూటీ సున్నా అయి ఉండాలి, లేదా ఎక్కడో పొర జారిపోయింది.
- జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలూ సరిగ్గా ఉన్నాయా?
- మీ షీట్‌లోని మొత్తానికీ చెక్‌లిస్ట్ మొత్తానికీ తేడా ఒక రూపాయి దాటిందా? దాటితే ఆ రోజు దాఖలు ఆపి, పైనుంచి ఒక్కో గడి పోల్చండి. మొదటి తేడా ఏ గడిలో కనిపిస్తే తప్పు అక్కడే ఉంటుంది.